వెనక వరుసలో మూటపెరుగు

మార్చి తొమ్మిది, శనివారం. ఆ ఉదయం ముగ్గురూ కాల్చిన రొట్టె ముక్కల మీద మూటపెరుగు రాసుకుని తిన్నారు. పైన కీరా చక్రాలు, కాస్త మిరియాల పొడి, సన్నటి ధారగా ఆలివ్ నూనె. ఆయన రెండు ముక్కలు తిని మూడోదానికి చెయ్యి చాపితే ఆయన భార్య పళ్ళెం పక్కకి జరిపి, "షాపులో ఆవలిస్తూ కూర్చుంటే కళ్ళజోళ్ళు కొనేవాళ్ళెవరు?" అంది. ఆవిడ తల్లి నవ్వింది. తర్వాత ఆ ముక్క ఆయన పళ్ళెంలోకే వచ్చింది.

ఆ రోజంతా కలిపి ఆయనకి గుర్తున్నది ఇంతే. ఇంకేం మాట్లాడుకున్నారో, బయట ఎండో మబ్బో, తాను ఏ చొక్కా వేసుకున్నాడో ఎంత తడుముకున్నా దొరకదు. ఆ మూడో ముక్క రుచి మాత్రం నాలుక చివర అలాగే నిలిచిపోయింది.

వీధిలో ఆయన్ని కళ్ళజోళ్ళాయన అంటారు. ఇంటి కింద గదే షాపు. గోడకి వేలాడే అక్షరాల పలక ముందు మనుషుల్ని కూర్చోబెట్టి, ఒక్కో అద్దం మారుస్తూ "ఇది బాగుందా, ఇంతకుముందుది బాగుందా?" అని అడగడం ఆయన పని. పై అంతస్తులో మూడు గదులు. ఒకదాంట్లో ఆయన, ఒకదాంట్లో అత్తగారు, మధ్యలో వంటిల్లు. భార్య ఉన్నన్నాళ్ళూ ఇల్లంతా ఆ వంటింటి చుట్టూనే తిరిగేది.

మూటపెరుగు అంటే పెద్ద విద్యేమీ కాదు. పెరుగులో ఉప్పు కలిపి, గుడ్డలో మూటగట్టి, నీరంతా దిగాక మిగిలే మెత్తటి చీజు. దుకాణాల్లో లబ్నే అని పేరు రాసి డబ్బాల్లో అమ్ముతారు. ఈ ఇంట్లో మాత్రం అది మొదటినుంచీ మూటపెరుగే. ఎన్ని కబుర్లు చెప్పుకుంటున్నా భార్య చెయ్యి మాత్రం దాని పని అది చేసుకుపోయేది. ఆయన ఎదురుగా కూర్చుని చూశాడు, తిన్నాడు, మెచ్చుకున్నాడు. ఎలా చేస్తోందో మాత్రం గమనించలేదు. ఆవిడ ఉండగా ఆ అవసరం ఏముంది?

ఆ శనివారానికి మర్నాడు, ఆదివారం, ఆవిడ ఇంకో డబ్బా నింపింది. సోమవారం గుండెలో ఏదో బరువుగా ఉందంటే ఆస్పత్రికి వెళ్ళారు. ఆయన ఒక్కడే తిరిగొచ్చాడు.

*

రెండు నెలలు గడిచి ఎండలు ముదిరేసరికి అత్తగారు తిండి దాదాపు మానేసింది. జబ్బేమీ లేదన్నాడు డాక్టరు. "ఆకలి చచ్చిపోయింది, అంతే" అంది అత్తగారు, ఎవరో పొరుగింటివాళ్ళు ఊరెళ్ళారని చెప్పినట్టు. గంజి పెడితే రెండు గుటకలు. పండు కోసిస్తే ఒక్క తొన. మంచం మీద పడుకున్న మనిషి దుప్పటి కింద రోజురోజుకీ సన్నబడిపోతోంది.

అత్తగారి చిన్న కూతురు ఫోన్ చేసింది. ఆయనకి మరదలు. మాట పెళుసే గాని మనసు మంచిది.

"బావా, అమ్మని నేను తీసుకెళ్తాను. వచ్చే ఆదివారం వస్తా. మీరు పొద్దస్తమానం కింద షాపులో ఉంటారు. ఆవిడ పైన ఒక్కత్తే గోడలు చూస్తూ కూర్చుంటుంది. తినక చిక్కి శల్యమైపోతోందట."

"ఎవరు చెప్పారు?"

"ఎవరు చెప్తే ఏం? మీ వీధి బేకరీ ఆవిడ. ఏం, అబద్ధమా?"

అబద్ధం కాదు. ఆయన ఫోన్ ఇంకో చెవికి మార్చుకున్నాడు.

"మీ మీద కోపంతో కాదు బావా. అల్లుడి ఇంట్లో ఎన్నాళ్ళుంటుంది చెప్పండి, కూతురే లేకపోయాక? తింటోంది, తిరుగుతోంది అంటే అది వేరే మాట."

ఫోన్ పెట్టేశాక ఆయన చాలాసేపు అక్షరాల పలక వైపు చూస్తూ కూర్చున్నాడు. మరదలు అన్నదాంట్లో తప్పేమీ లేదు. కానీ ఆవిడకి తెలియని సంగతి ఒకటుంది. పలకరించడానికి వచ్చేవాళ్ళంతా ఆయన భార్యని గతంలోకి సర్దేశారు. "ఎంత బాగా నవ్వేదో", "కాఫీ అంటే ప్రాణంగా ఉండేది" అంటారు. అత్తగారు ఒక్కతే ఇంకా "పెద్దదానికి కారం పడదు", "పెద్దది ఆ కర్టెను ఇలా కట్టదు" అంటుంది. పడదు, కట్టదు. ఆ మాట విన్నప్పుడల్లా ఆయనకి భార్య పక్క గదిలో బట్టలు మడతపెడుతున్నట్టే ఉంటుంది. అత్తగారు వెళ్ళిపోతే ఈ ఇంట్లో ఆ మాట ఎవరంటారు?

ఆ సాయంత్రం ఆయన గంజి గిన్నె పట్టుకుని వెళ్ళాడు. అత్తగారు గోడవైపు తిరిగి ఉంది.

"అత్తయ్యగారూ, కొంచెం తాగండి."

"వద్దండీ. నోరు చేదుగా ఉంది."

"పోనీ ఇంకేమైనా చెయ్యమంటారా? ఏం తినాలనుంది?"

అల్లుడితో ఆవిడ ఎప్పుడూ మీరు అనే మాట్లాడుతుంది. ఇరవై ఏళ్ళకి పైగా ఒకే కప్పు కింద ఉన్నా ఆ గౌరవం తెర తొలగలేదు. అడగడానికి మొహమాటపడి, చీర కొంగు వేలికి చుట్టుకుని, చివరికి గోడకే చెప్పినట్టుగా అంది.

"పెద్దది చేసిన మూటపెరుగు ఉందా ఇంకా?"

ఆయన గంజి గిన్నె కిటికీ గట్టు మీద పెట్టాడు.

"చూస్తానండీ" అన్నాడు.

చూడక్కర్లేదు. ఉంది. ఫ్రిజ్‌లో మధ్య అరలో, బాగా వెనక, గోడకి ఆనుకుని ఉంది. గాజు డబ్బా. మూత మీద కాగితపు పట్టీ అతికించి, నీలం సిరాతో భార్య రాసిన తారీఖు. రెండు నెలలుగా ఆయన పాలు పెట్టినా కూరలు పెట్టినా దాని చుట్టూ జాగా వదిలి పెడుతున్నాడు. తియ్యడు. ముట్టుకోడు. ఫ్రిజ్ తెరిచినప్పుడు కంటపడితే చాలు. ఆవిడ చేతితో చేసినవాటిలో ఇంకా అయిపోనిది అదొక్కటే.

*

ఆ డబ్బా జోలికి పోకుండా కొత్తగా తనే చేసి పెడితే పోలేదా అనుకున్నాడు. అత్తగారు తింటుంది. ఆదివారం మరదలు వచ్చేసరికి లేచి తిరుగుతుంది. అంతా అనుకున్నట్టే జరుగుతుంది.

చిక్కటి పెరుగు కొన్నాడు. బీరువాలోంచి పల్చటి నూలుగుడ్డ తీశాడు. పెరుగు అందులో పోసి, ఉప్పు చల్లి, నాలుగు కొసలూ చేర్చి ముడివేశాడు. తర్వాత ఏం చెయ్యాలో ఆయనకి బాగా తెలుసు, ఎందుకంటే భార్య మాట చెవుల్లోనే ఉంది. ప్రతిసారీ పని ముగించి చేతులు తుడుచుకుంటూ "మూటని పడుకోబెట్టేశా" అనేది. పడుకోబెట్టడమంటే రాత్రంతా వదిలెయ్యడమే కదా! ఆయన మూటని వంటింటి కుళాయికి వేలాడదీసి, కింద గిన్నె పెట్టి, లైటు ఆర్పేసి వెళ్ళి పడుకున్నాడు.

తెల్లారి వంటింట్లో అడుగు పెడుతూనే పుల్లటి వాసన గుప్పుమంది. ఎండాకాలపు ఉక్కకి మూట చెమటపట్టినట్టు జిగురుగా ఉంది. విప్పితే లోపల తెల్లగానే ఉంది గాని వేలితో తాకితే తీగలా సాగింది. పైగా గుడ్డలోంచి బట్టల సబ్బు వాసన ఒకటి.

సరిగ్గా అప్పుడే బేకరీ ఆవిడ రొట్టె ఇవ్వడానికి వచ్చింది. వీధి మొదట్లో ఆవిడ పొయ్యి. రోజూ ఒక రొట్టె ఇచ్చి, మూటపెరుగు దిగిన నీళ్ళు పట్టుకెళ్ళేది. పిండి ఆ నీళ్ళతో కలిపితే రొట్టె మెత్తగా వస్తుందట. నీళ్ళు లేకపోయినా రొట్టె తేవడం మానలేదు. గుమ్మంలోనే ముక్కు మూసుకుంది.

"ఏంటన్నయ్యగారూ, వంటింట్లో ఎవర్ని ఉరి తీశారు?"

"మూటపెరుగమ్మా. అత్తయ్యగారికని."

"ఆవిడకి ఆకలి లేదంటే ఉన్న ప్రాణం కూడా తీసేస్తారా ఏం? పారెయ్యండి ముందు."

"కడిగేసి, మళ్ళీ ఉప్పు వేస్తే..."

"చెడింది చెడిందే. ఉప్పేస్తే మంచిదవుతుందా? ఈ ఎండలో రాత్రంతా కుళాయికి కట్టారా? దానికేమన్నా స్నానం చేయిద్దామనుకున్నారా?" నవ్వింది గాని, ఆయన మొహం చూసి ఆ నవ్వు కొంగులో దాచుకుంది. రొట్టె బల్ల మీద పెట్టి, ఆయన అడక్కుండానే గిన్నె ఖాళీ చేసి, కుళాయి తోమి, కిటికీ తెరిచి వెళ్ళింది. ఆడపిల్ల తల దువ్వినట్టు శుభ్రంగా తోమింది. ఆ రోజంతా ఆ కుళాయి మెరుస్తూనే ఉంది.

*

శనివారం మధ్యాహ్నం. కింద షాపులో ఒక పెద్దాయనకి చత్వారం అద్దాలు చూస్తుండగా పైన ఏవో పడిన చప్పుడైంది. ఆయన పరుగున మెట్లెక్కాడు.

అత్తగారు ఫ్రిజ్ ముందు నిలబడి ఉంది. ఒక చేత్తో తలుపు పట్టుకుంది. పాల డబ్బాలు, కూరల సంచి కింద గచ్చు మీద ఉన్నాయి. రెండో చేతిలో గాజు డబ్బా.

"ఉంది కదండీ!" అంది. ఆవిడ కళ్ళు చిన్నపిల్లవాటిలా వెలిగిపోతున్నాయి. "చూస్తానని ఊరుకున్నారేంటి? ఇదిగో, వెనకే ఉంది. పెద్దది ఎప్పుడూ వెనకే పెడుతుంది. తలుపు అరలో పెట్టనివ్వదు. తీసినప్పుడల్లా వేడి తగులుతుందంటుంది."

ఆవిడ అలా నిలబడడం చూసి ఎన్నాళ్ళైంది! ఆయనకి ఏడుపూ నవ్వూ కలిసే వచ్చాయి. కుర్చీ లాగి కూర్చోబెట్టాడు.

"ఒక్క చెంచా పెట్టండి. రొట్టె కూడా వద్దు."

"అత్తయ్యగారూ, ఇది చాలా రోజులది."

"నూనె పోసుంది కదా. చల్లగా ఉంది కదా. ఏమీ కాదు."

ఆయన మూత తీశాడు. పైన నూనె గడ్డకట్టి లేత పసుపు రేకులా ఉంది. దాని కింద తెల్లటి మూటపెరుగు. భార్య చెంచా వీపుతో సర్దిన నునుపైన అల అలాగే ఉంది. మొదటి చూపుకి ఏ లోపమూ లేదు. ఆయన కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి వెలుతురులో తిప్పి చూశాడు. అద్దాల మీద గీత వెతకడం అలవాటైన కళ్ళు. డబ్బా అంచున, నూనె అందని చోట, గోరంత మేర లేత గులాబి రంగు. అది నీడ కాదు. ఇటు తిప్పినా అటు తిప్పినా అక్కడే ఉంది.

"పెట్టరేంటి?"

"చెడిందండీ."

"ఎక్కడ? ఏదీ?" ఆవిడ మెడ సాచి చూసింది. "ఆ చుక్కా? ఆ పక్కన గోకేసి, మధ్యలోంచి తియ్యండి. మధ్యలో బాగానే ఉంటుంది."

ఆయన చేతిలో చెంచా ఉంది. మధ్యలో నిజంగానే తెల్లగా, మచ్చ లేకుండా ఉంది. ఒక్క చెంచా. ఆవిడ తింటుంది. రేపు చిన్న కూతురితో 'నిన్న మూటపెరుగు తిన్నాను' అంటుంది. ఇంకొక చెంచా ఆయన తింటాడు. మార్చి తొమ్మిది మళ్ళీ నోట్లోకి వస్తుంది. చెయ్యి ముందుకి వెళ్ళింది కూడా.

ఒకసారి డబ్బాలో ఇలాగే చిన్న చుక్క కనిపిస్తే భార్య మొత్తం చెత్తబుట్టలో వేసింది. అయ్యో అని ఆయన అంటే, "గట్టి చీజైతే కోసి పారేసి మిగతాది తినొచ్చు. ఇది మెత్తటిది. పైన చుక్కంటే లోపల వేళ్ళు దిగినట్టే, మన కంటికి కనపడవంతే" అంది. "మరి నూనె ఎందుకు పోస్తావు?" అంటే, "నూనె దుప్పటి. ఎండిపోకుండా కప్పుతుంది. కాపలా కాయదు. కాపలా కాసేది చలి, అదీ ఒక వారం" అంది. ఆవిడ మాట ఒక్కటైనా ఇంత స్పష్టంగా గుర్తొచ్చినందుకు ఆయనకి ఆ క్షణంలో కూడా కాస్త సంతోషం వేసింది. ఆ మాటే ఇప్పుడు ఆవిడ చేతి ముద్దకి అడ్డం వచ్చింది. చెంచా పక్కన పెట్టేశాడు.

"మీకు పెట్టలేనండీ" అన్నాడు.

"నా కూతురి చెయ్యి అల్లుడుగారూ అది!"

"తెలుసండీ."

"తెలిస్తే ఇవ్వండి. ఈ వయసులో నాకేమైతే ఏం? నేను తింటాను, మీకెందుకు?"

"మీకేమన్నా అయితే ఆవిడ నన్ను బతకనివ్వదు."

ఆ మాట ఆయనకి తెలియకుండానే అలా వచ్చింది. బతకనిచ్చేది కాదు అని కాదు. అత్తగారు ఒక్కసారి ఆయన మొహంలోకి చూసింది. తర్వాత లేచి, గోడ పట్టుకుని, తన గదిలోకి వెళ్ళిపోయింది. తిట్టినా బాగుండుననిపించింది ఆయనకి.

డబ్బాలో ఉన్నదంతా పాత కాగితంలోకి తీసి, చుట్టి, సంచిలో వేసి ముడివేసి పారేశాడు. వేడినీళ్ళూ సబ్బూ వేసి డబ్బా తోమాడు, మూత తోమాడు. తోముతూ తోముతూ చూసుకునేసరికి నీలం సిరా నీళ్ళలో కలిసి చెయ్యి మీదుగా పారిపోతోంది. కుళాయి కట్టేశాడు. పట్టీ మీద ఏమీ మిగల్లేదు. తడిసిన తెల్ల కాగితం ముక్క. కాసేపు ఆ కాగితాన్నే బొటనవేలితో సర్దుతూ నిలబడ్డాడు.

కింద పెద్దాయన కేకేశాడు. "ఏమయ్యా, నా కళ్ళు నీ దగ్గరే ఉండిపోయాయి!"

*

సాయంత్రం షాపు త్వరగా మూసి మళ్ళీ పెరుగు కొన్నాడు. రేపు మరదలు వస్తుంది. అత్తగారు వెళ్ళిపోతుంది. అది తేలిపోయిన సంగతే. అయినా వెళ్ళేముందు ఆవిడ ఒక్క ముద్ద తిని వెళ్ళాలి. పోనీ, డబ్బాలో పెట్టి పట్టుకెళ్ళాలి.

ఈసారి గుడ్డని సబ్బులో కాదు, మరిగే నీళ్ళలో వేశాడు. చేతులు కడుక్కున్నాడు. చల్లారిన గుడ్డని పిండి జల్లెడలో పరుస్తుంటే వెనకనుంచి గొంతు వినిపించింది.

"ఉప్పు వేశారా?"

అత్తగారు గుమ్మంలో నిలబడి ఉంది. కళ్ళు ఉబ్బి ఉన్నాయి.

"మూట కట్టాక చల్లుదామని..."

"చల్లితే పైనొక రుచి, లోపలొక రుచి. ముందే పెరుగులో కలపాలి. అంతటా అందుతుంది, నీరు కూడా బాగా దిగుతుంది." వచ్చి కుర్చీలో కూర్చుంది. "కిలో పెరుగుకి చెంచా నిండా. తల కొట్టి, పోగు లేకుండా. చాలు, చాలు! సముద్రం చేస్తారా?"

ఆయన కలిపాడు. ఆవిడ చూస్తూ ఉంది. గిన్నె మీద జల్లెడ, జల్లెడలో గుడ్డ, గుడ్డలో పెరుగు. కొసలు మడిచాడు.

"జల్లెడ అడుగు నీళ్ళలో మునగకూడదు. ఇంకా లోతు గిన్నె తియ్యండి. ఆఁ, అది. పైన పళ్ళెం బోర్లించండి."

ఆయన పళ్ళెం పెట్టేముందు కొసలు ముడివేసి పిండబోతే ఆవిడ గబుక్కున చెయ్యి ఎత్తింది. "అయ్యో, పిండకండి! పీక పిసికితే గుడ్డ కన్నాల్లోంచి పెరుగే వస్తుంది. దాని మానాన దాన్ని దిగనివ్వాలి. ఇప్పుడు పడుకోబెట్టెయ్యండి."

ఆయన ఆగిపోయాడు. "ఎక్కడ పడుకోబెట్టాలండీ?"

"ఎక్కడేంటి? ఫ్రిజ్‌లో."

"ఫ్రిజ్‌లోనా!"

ఆవిడ అర్థంకానట్టు చూసింది. ఆయన చెప్పాడు, కుళాయి సంగతి, ఉక్క సంగతి, బేకరీ ఆవిడ అన్న ఉరి మాట సంగతి. చెప్తుండగానే అత్తగారి పెదవుల చివర్లు కదిలాయి. తర్వాత భుజాలు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఆ మాట మా పెద్దదానిదే" అంది నవ్వు తుడుచుకుంటూ. "ఇంట్లోకి కొత్తగా ఫ్రిజ్ వచ్చినప్పుడు దానికి నాలుగేళ్ళో ఐదేళ్ళో. నేను మూట కట్టి లోపల పెడుతుంటే, 'అమ్మా, పాపాయిని చలిగదిలో పడుకోబెడుతున్నావా?' అని అడిగింది. వాళ్ళ నాన్న పడీ పడీ నవ్వాడు. అప్పట్నించీ మా ఇంట్లో పడుకోబెట్టడమంటే ఫ్రిజ్‌లో పెట్టడమే. పాలు పడుకోబెట్టు, పండ్లు పడుకోబెట్టు. చిన్నది పుట్టాక దాన్ని పడుకోబెట్టమంటే పెద్దది భయపడిపోయింది పిచ్చిమొహం."

ఆయనా నవ్వాడు. ఇన్నేళ్ళు విన్న మాట. రోజూ పక్కనే తిరిగిన మాట. దాని లోపల ఒక నాలుగేళ్ళ పిల్ల కూర్చుని ఉందని ఆయనకి తెలియనే తెలియదు. తెలుసుకోవడానికి ఇంకా ఏదో మిగిలి ఉంది భార్య గురించి. ఆ ఆలోచనకి నవ్వు మధ్యలోనే ఆగిపోయింది. అత్తగారు కూడా ఆగింది. ఆయన బల్ల మీద ఒలికిన ఉప్పు చేత్తో తుడిచాడు.

"నాకు మీ మీద కోపం లేదు" అంది అత్తగారు చివరికి. "ఒక్క ముద్ద అనుకున్నా. అంతే."

"నాకూ తినాలనే ఉందండీ."

"తెలుసు. చెంచా పట్టుకున్న చెయ్యి చూశాగా."

గిన్నెని తీసుకెళ్ళి మధ్య అరలో వెనక పెట్టాడు. అక్కడ రెండు నెలల జాగా ఖాళీగా ఉంది.

*

మరదలు పొద్దున్నే వచ్చింది, రెండు సంచులతో. ఒకటి అమ్మ బట్టలకి, ఒకటి మందులకి. వస్తూనే గది గుమ్మంలోంచి తొంగిచూసి కంగారుపడింది. మంచం ఖాళీగా ఉంది.

"అమ్మేదీ?"

"వంటింట్లో" అన్నాడు ఆయన.

అత్తగారు బల్ల దగ్గర కూర్చుని మూట విప్పిస్తోంది. రాత్రంతా దిగిన నీళ్ళు గిన్నెలో లేత ఆకుపచ్చ పసుపుగా మెరుస్తున్నాయి. గుడ్డ ఒలిచేసరికి నేత గీతలు అచ్చుపడిన తెల్లటి ముద్ద, పళ్ళెంలోకి దొర్లకుండా నిలబడింది. బేకరీ ఆవిడ తెచ్చిన రొట్టె ఇంకా వేడిగా ఉంది. ఆయన ఒక ముక్క మీద రాసి, నూనె చుక్క వేసి అత్తగారికి అందించాడు.

ఆవిడ కొరికింది. నెమ్మదిగా నమిలింది. కళ్ళు మూసుకుంది. మరదలు సంచులు చేతిలోంచి దించలేదు. 'ఇది బాగుందా, ఇంతకుముందుది బాగుందా?' అని నాలుక చివరిదాకా వచ్చింది ఆయనకి. అడగలేదు.

"దానిది కాదు" అంది అత్తగారు.

ఆయన నూనె సీసాకి మూత పెట్టాడు.

"పెద్దది ఇంట్లో తోడుపెట్టిన పెరుగు, అదీ ఇంకో పూట ఎక్కువ పులిశాక కడుతుంది. అప్పుడు నాలుక కొరికే పులుపు వస్తుంది. ఇది కొన్న పెరుగు, తీపి." కళ్ళు తెరిచింది. కన్నీళ్ళు రెండు వైపులా జారాయి. వాటిని తుడుచుకోలేదు. "అలా చేసినా దానిది కాదులే."

"కాదండీ" అన్నాడు ఆయన.

ఆవిడ చేతిలో మిగిలిన ముక్క వైపు చూసింది. తర్వాత అది కూడా నోట్లో పెట్టుకుంది. వేళ్ళు తుడుచుకుని ఇంకో ముక్కకి చెయ్యి చాపింది. మరదలు బావ వైపు చూసింది. ఆయన ఏమీ ఎరగనట్టు రొట్టె కోస్తున్నాడు, ముక్కలు వంకరగా వస్తున్నా.

"సంచులు సర్దనా అమ్మా?" అంది మరదలు మెల్లగా.

"ఎందుకే?"

"మా ఇంటికి రావా?"

"వస్తానే, ఎందుకు రానూ. చలికాలంలో వస్తా." ఆయన కడిగిన చెంచాతో ఇంకాస్త తియ్యబోతే అత్తగారు చేతి మీద చిన్న దెబ్బ వేసింది. "తడి చెంచా! తడి చెంచా ముద్దలో పెడుతున్నావు నాయనా. నీళ్ళు తగిలితే వారం కాదు, రెండ్రోజులు కూడా ఉండదు. పొడి చెంచా తియ్యి. చూశావా చిన్నదానా? ఈయన్ని ఇలా వదిలేసి వెళ్తే ఈ వీధికే విషం పెడతాడు."

నాయనా. తియ్యి. ఇరవై ఏళ్ళ 'మీరు' ఒక్క తడి చెంచాకి జారిపోయింది. ఆవిడ గమనించుకోలేదు. ఆయన గమనించి, పొడి చెంచా కోసం సొరుగు వెతుకుతూ చాలాసేపు అటే తిరిగి నిలబడ్డాడు.

మరదలు సంచులు కుర్చీ కింద పెట్టి కూర్చుంది. "అయితే నాకూ ఒక ముక్క పెట్టండి బావా. తిన్నాక తిడతా, ఫోన్‌లో చెప్పొచ్చు కదా, ఈ ఎండలో నన్ను ఇంతదూరం తిప్పారు."

ముగ్గురూ తిన్నారు. బేకరీ ఆవిడ గిన్నె పట్టుకుని వచ్చి నీళ్ళు పట్టుకెళ్ళింది, "ఇవాళ ఉరి లేదా అన్నయ్యగారూ?" అంటూ. మిగిలింది శుభ్రమైన పొడి డబ్బాలోకి ఎత్తారు. అత్తగారు చెంచా వీపుతో పైన సర్దింది. నూనె పోసింది. ఆయన కొత్త పట్టీ అతికించి తారీఖు వేశాడు. ఆయన అంకెలు పెద్దవి, షాపు పలక మీద అంకెల్లా. భార్యవి చిన్నగా, కుడివైపు వాలి ఉండేవి. రాశాక పక్కన ఖాళీ కాగితం మీద ఆ వాలు కూడా కనిపించినట్టనిపించింది ఆయనకి.

మరదలు సాయంత్రం బస్సుకి వెళ్ళింది. అత్తగారు కిటికీ దగ్గర నిలబడి చెయ్యి ఊపింది. తర్వాత అర గిన్నె గంజి అడిగి తాగింది. "వచ్చే వారం ఇంట్లోనే తోడుపెట్టి చూద్దాం" అంది. "పెద్దదానికి పులుపంటేనే ఇష్టం."

"అవునండీ" అన్నాడు ఆయన. "నాకూ."

చీకటి పడకముందే ఆవిడకి నిద్ర ముంచుకొచ్చింది, కడుపు నిండిన పసివాళ్ళకి వచ్చినట్టు. మాట్లాడుతూ మాట్లాడుతూనే కళ్ళు వాలిపోయాయి. ఆయన దుప్పటి భుజాలదాకా లాగి, మంచినీళ్ళ గ్లాసు చేతికందేలా జరిపాడు. కాసేపు నిలబడి ఆవిడ ఊపిరి విన్నాడు. తర్వాత బయటికొచ్చి, గడియ చప్పుడు కాకుండా వేలు అడ్డం పెట్టి, ఆ గది తలుపు దగ్గరగా వేశాడు.